కత్తిరింపులో పోయిన 50 గ్రాములు

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015 అక్టోబరు 26న మాంసం గురించి ఒక ప్రకటన చేసింది. 22 మంది నిపుణులు 800కు పైగా అధ్యయనాలను పరిశీలించి తేల్చిన విషయం అది. సాసేజ్, బేకన్, హామ్ వంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని రోజూ తింటే, ప్రతి 50 గ్రాములకూ పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు.

ఈ వాక్యాన్ని పత్రిక డెస్కులో కుదిస్తూ పోదాం. ముందు ‘ప్రాసెస్ చేసిన మాంసం రోజూ తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం ఎక్కువ’ అవుతుంది. 50 గ్రాములు పోయాయి గానీ చదవడానికి బాగానే ఉంది. దాన్ని ఇంకొకరు ‘ప్రాసెస్ చేసిన మాంసంతో 18 శాతం క్యాన్సర్ ముప్పు’ అంటారు. ‘రోజూ’ పోయింది, పెద్దపేగూ పోయింది. అన్నిటికన్నా ముఖ్యంగా ‘ఎక్కువ’ పోవడంతో, ఉన్న ముప్పు మీద వచ్చిన పెరుగుదల కాస్తా మొత్తం ముప్పే అయి కూర్చుంది. ఇక టీవీ స్క్రోలింగుకు వచ్చేసరికి ‘మాంసం తింటే నూటికి 18 మందికి క్యాన్సర్’!

లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. మామూలుగా నూటికి అయిదుగురికి ఆ జబ్బు వస్తుందనుకుందాం. అయిదుకు 18 శాతం కలిపితే దాదాపు ఆరుగురు. 18 మంది ఎక్కడ, అదనంగా ఒక్కరు ఎక్కడ? పైగా మన ఆదివారం మటన్ కూర అసలు ఈ లెక్కలోదే కాదు. అది రెడ్ మీట్ కిందికి వస్తుంది, దాని గురించి నిపుణులు అన్నది ‘బహుశా’ అని మాత్రమే.

ఇందులో ఎవరూ అబద్ధం రాయలేదు. ప్రతివారూ తమ కాపీని అంతకుముందు కాపీతోనే పోల్చుకున్నారు, తేడా కొంచెమే కనిపించింది. పైగా ముందుగా వేటు పడేది తీసేసినా వాక్యం చెడని మాటల మీదే: ఎంత, ఎన్నాళ్లు, ఎవరితో పోలిస్తే, బహుశా. అర్థానికి హద్దు గీసేవీ అవే.

అందుకని కుదించడానికి ముందే మూలంలో ఆ మాటల కింద గీత గీసుకోవాలి. ఎన్నోసారి కుదించినా, పక్కన ఉండాల్సింది మూలమే, నిన్నటి కాపీ కాదు. ఒక్కో గీత దగ్గర ఆగి, కొత్త వాక్యంలో అది ఉందా, పోతే అర్థం విస్తరించిందా అని చూడాలి. తర్వాత ఎదురు దిశలోనూ చదవాలి. కొత్త వాక్యంలోని ప్రతి మాటకూ మూలంలో ఆధారం దొరకాలి. ‘నూటికి 18 మంది’ ఇక్కడే దొరికిపోతుంది.

ఈ రెండో పరీక్ష చేయనందుకే అప్పట్లో ‘మాంసం పొగాకంత ప్రమాదం’ అన్న శీర్షికలు వచ్చాయి. రెండూ ఒకే వర్గంలో ఉన్న మాట నిజమే. కానీ ఆ వర్గీకరణ చెప్పేది ఆధారాలు ఎంత గట్టివన్నదే, ప్రమాదం ఎంతన్నది కాదు. ఆ వివరణ కూడా ప్రకటనతో పాటే ఇచ్చారు.

శీర్షికలో అన్నీ పట్టవు, నిజమే. చోటు చాలకపోతే 18 శాతాన్నే వదిలేసి ‘రోజూ సాసేజ్ తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది’ అనొచ్చు. అంకె ఉంచి దాని షరతులు తీసేయడం కంటే అదే మేలు.