బ్లూ టిక్ పడితే ఒప్పుకున్నట్టు కాదు

బుధవారం రాత్రి 9:40. జనరల్ మెడిసిన్ సెకండ్ ఇయర్ పీజీ ఒకామె హాస్టల్ గదిలో మంచానికి ఆనుకుని కింద కూర్చుంది. సాయంత్రం నుంచి నాలుగు వాంతులు, ఆరు విరేచనాలు. పక్కన సగం తాగిన ఓఆర్ఎస్ సీసా ఉంది. పొద్దున 8 గంటలకు ఏఎంసీ డ్యూటీ. అంటే ప్రాణం మీదికొచ్చిన కేసులు పడే ఎక్యూట్ మెడికల్ కేర్ వార్డులో శుక్రవారం ఉదయం దాకా 24 గంటలు ఉండాలి, ఆ పైన రౌండ్స్. థర్డ్ ఇయర్ సీనియర్‌కు ఆమె టైప్ చేసిన మెసేజ్ ఇది:

“అక్కా, సారీ అక్కా. ఒంట్లో అస్సలు బాగోలేదు. రేపు డ్యూటీ చేయలేనేమో అనిపిస్తోంది. ఎవరైనా ఎక్స్‌చేంజ్ చేసుకుంటే శుక్రవారం నేను చేసేస్తాను. ప్లీజ్ అక్కా.”

సన్నివేశం కల్పితమే. మెసేజ్ మాత్రం కాదు. రేపో మాపో ఇలాంటిది రాయని జూనియర్ డాక్టర్ ఏ బోధనాసుపత్రిలోనూ దొరకడు. మర్యాదలో లోటు లేదు, బాధలో అబద్ధం లేదు. చదివిన సీనియర్‌కు మాత్రం ఏం చేయాలో తెలియదు. “చేయలేనేమో” అంటే వస్తుందా, రాదా? “ఎవరైనా” అంటే ఎవరు? “బాగోలేదు” అంటే నిద్ర చాలక తలనొప్పా, జ్వరమా, పక్కవాళ్లకు అంటుకునేదా? పైగా శుక్రవారం అని ఆమె తనంతట తానే ఒక తప్పు మాట ఇచ్చేసింది. దాని సంగతి కాసేపట్లో.

అసలు సెలవు అడగకుండా డ్యూటీ మార్పు ఎందుకు అడుగుతారన్నది బయటివాళ్లకు రావలసిన అనుమానం. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల ప్రకారం పీజీకి ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు ఉంటుంది. అనుమతించిన దానికంటే ఎక్కువ వాడితే కోర్సు అన్ని రోజులు వెనక్కి జరుగుతుంది. అందుకే ఒక్కరోజు వాంతులకు లీవు ఖర్చు పెట్టడానికి చేయి రాదు. ఎక్స్‌చేంజ్‌కు ఆ ఖర్చు లేదు. ఈరోజు నా బదులు నువ్వు, ఆదివారం నీ బదులు నేను, అంతే. కార్యాలయం దాకా వెళ్లకుండానే పని జరిగిపోతుంది. ఇంకో కారణం, అదనపు మనిషి లేకపోవడం. 1992లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన రెసిడెన్సీ ఆదేశాల్లో మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని ఉండకూడదని ఉంది. 24 గంటల డ్యూటీ మామూలైపోయిన చోట, ఒకరు పడిపోతే నిలబడడానికి ఖాళీగా ఇంకొకరు ఎక్కడుంటారు? ఉండేది నిన్న డ్యూటీ చేసి ఇప్పుడే నిద్రపోయిన తోటి పీజీ.

ఆ తోటి పీజీ ముఖం తలుచుకునే చాలామంది అసలు మెసేజే పెట్టరు. చేతికి క్యాన్యులా పెట్టించుకుని, డ్యూటీ రూములో సెలైన్ ఎక్కించుకుని, బాటిల్ అయిపోగానే వార్డులోకి వెళ్తారు. ఇది మనకే ప్రత్యేకమైన జబ్బు కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వైద్యులు, ఇతర క్లినికల్ సిబ్బంది 536 మందిని అడిగిన సర్వే 2015లో అచ్చయింది. వాళ్లలో 83 శాతం మంది అంతకుముందు ఏడాదిలో ఒక్కసారైనా జబ్బుతోనే పనికి వచ్చారు. అలా రావడం రోగులకు ప్రమాదమని 95 శాతం మందికి తెలుసు. తెలిసీ ఎందుకు వచ్చారంటే, దాదాపు అందరూ చెప్పిన కారణం తోటివాళ్ల మీద భారం వేయడం ఇష్టం లేకపోవడం.

కాబట్టి మెసేజ్‌లో మొదట తేలాల్సింది జబ్బు పేరు కాదు, అది వార్డులో ఏం చేయగలదన్నది. మన పీజీకి వచ్చింది నోరో వైరస్ లాంటి గ్యాస్ట్రో అయితే, అది చాలా కొద్ది మోతాదులోనే ఇంకొకరికి అంటుకుంటుంది. డాక్టర్లు మంచం మంచానికీ రుద్దుకునే ఆల్కహాల్ శానిటైజర్ దాని మీద అంతగా పనిచేయదు. సబ్బు నీళ్లు కావాలి. ఏఎంసీలో వెంటిలేటర్ మీదున్న మనిషికి విరేచనాలు తోడైతే ఏమవుతుందో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే వైద్య సిబ్బంది చివరి వాంతి లేదా విరేచనం తర్వాత కనీసం 48 గంటలు పనికి దూరంగా ఉండాలన్నది నియమం. లెక్క మొదలయ్యేది మందు వేసుకున్నప్పటి నుంచి కాదు, లక్షణాలు ఆగినప్పటి నుంచి.

ఇప్పుడు శుక్రవారం సంగతి. గురువారం ఉదయం 6కు ఆమెకు చివరి విరేచనం అయిందనుకుందాం. 48 గంటలు అంటే శనివారం ఉదయం 6. శుక్రవారం ఆమె వార్డులో అడుగుపెట్టకూడదు. కానీ మొహమాటం కొద్దీ, అప్పు వెంటనే తీర్చేయాలన్న తొందరలో శుక్రవారం చేసేస్తానని రాసింది. సీనియర్ సరేనంటే, గురువారం తప్పించిన ప్రమాదమే ఒకరోజు ఆలస్యంగా వార్డులోకి వచ్చేది. ఎక్స్‌చేంజ్‌లో ఎక్కువగా చెడేది ఇక్కడే. అడగడం తప్పవుతుందేమోనని భయపడేవాళ్లు తిరిగి ఇచ్చే తేదీ దగ్గర తప్పు చేస్తారు.

అన్ని జబ్బులకూ ఇదే లెక్క కాదు. ఫ్లూ అయితే పారాసెటమాల్ లాంటివి వేసుకోకుండానే జ్వరం లేని 24 గంటలు గడవాలి. పారాసెటమాల్ వేసుకుని థర్మామీటర్ ఫొటో పంపి “98.6 అక్కా, వచ్చేస్తా” అనడం కుదరదు. ఆటలమ్మకు పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాలి, అది ఎక్స్‌చేంజ్‌తో తేలే పని కాదు, లీవు పెట్టాల్సిందే. డెంగీ ఒకరి నుంచి ఒకరికి నేరుగా అంటదు కాబట్టి రోగులకు భయం లేదు, ప్రమాదమంతా డాక్టర్‌కే. జ్వరం తగ్గే రోజుల్లోనే అది ముదురుతుంది. జ్వరం దిగింది కదా అని డ్యూటీకి వెళ్లేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

మరోపక్క, ఇంత వివరం చెప్పుకోలేని జబ్బులూ ఉంటాయి. గర్భస్రావమో, మానసిక వ్యాకులతో, హెచ్ఐవీ రోగికి వాడిన సూది గుచ్చుకుని మొదలుపెట్టిన మందుల వికారమో. వీటికి “ఆరోగ్య కారణం, రెండు రోజులు పట్టొచ్చు, అంటేది కాదు” అన్న మూడు ముక్కలు చాలు. డ్యూటీ సర్దడానికి సీనియర్‌కు అంతకంటే అక్కర్లేదు. క్యాన్యులా గుచ్చిన చేతి ఫొటో ఎవరికీ అక్కర్లేదు.

మన పీజీ మొదటి మెసేజ్ పంపకుండా చెరిపేసి మళ్లీ రాసిందనుకుందాం:

“అక్కా, సాయంత్రం 5 నుంచి వాంతులు 4, మోషన్స్ 6. గ్యాస్ట్రోలా ఉంది, అంటుకునేదే. రేపు, గురువారం ఉదయం 8 నుంచి నా ఏఎంసీ డ్యూటీ చేయలేను. మీ ఆదివారం ఏఎంసీ నాకిచ్చి, రేపటిది మీరు చేయగలరా? శుక్రవారం మీకు సెమినార్ ఉంటే చెప్పండి, ఇంకొకరిని అడుగుతా. బెడ్ 4 ఓపీ పాయిజనింగ్, అట్రోపిన్ ఇన్‌ఫ్యూజన్ నడుస్తోంది. బెడ్ 7 డీకేఏ, పొటాషియం రాత్రి 11కి రావాలి, ఈ రాత్రి డ్యూటీ పీజీకి చెప్పాను. 10 గంటలకు ఫోన్ చేస్తా.”

కొంచెం పొడుగే. కానీ సీనియర్ దీనికి ఒక్క మాటలో జవాబివ్వగలదు. అడిగింది తన స్థాయి పని చేయగలిగిన మనిషినే. ఆ వార్డుకు కొత్తగా చేరిన ఫస్ట్ ఇయర్‌నో, హౌస్ సర్జన్‌నో ఒంటరిగా నిలబెడితే అది ఎక్స్‌చేంజ్ అనిపించుకోదు. సెమినార్ మాట కూడా ఊరికే రాలేదు. గురువారం డ్యూటీ తీసుకుంటే శుక్రవారం ఉదయం ఆ సీనియర్ నిద్రలేని మనిషి. ఆమెకు బుధవారం రాత్రి కూడా డ్యూటీ ఉండి ఉంటే అసలు అడగకూడదు.

ఇక బెడ్ నంబర్ల సంగతి. పేర్లు రాయకపోవడం రోగి గోప్యత కోసం. ఆ రెండు బెడ్లనే ఎంచుకోవడానికీ కారణం ఉంది. పురుగుల మందు తాగిన మనిషికి అట్రోపిన్ మోతాదును నాడి వేగం, ఊపిరితిత్తుల్లో తడి చూసుకుంటూ గంట గంటకూ సవరిస్తుండాలి. డీకేఏ అంటే షుగర్ ముదిరి రక్తం ఆమ్లమయమైన స్థితి. అందులో ఇన్సులిన్ ఇస్తే పొటాషియం ఇంకా పడిపోతుంది. అది 3.5 కంటే తక్కువ ఉంటే ముందు పొటాషియం ఎక్కించాలి, ఇన్సులిన్ ఆగాలి. ఆ రిపోర్టు ఎవరూ చూడకుండా ల్యాబ్‌లో పడి ఉండడమే డ్యూటీ మారిన రాత్రుల్లో అసలు ప్రమాదం. మిగతా బెడ్ల సంగతి కేస్ షీట్లు చెప్తాయి.

10 గంటలకు ఆమె ఫోన్ చేయడం కూడా మెసేజ్‌లో భాగమే. రెండు బ్లూ టిక్కులు పడ్డాయంటే సీనియర్ తెర చూసిందనే అర్థం, ఒప్పుకుందని కాదు. డ్యూటీకి 12 గంటల్లోపే ఉన్నప్పుడు మెసేజ్ ఒక్కటే సరిపోదు. ముందే బ్యాచ్ గ్రూపులో “ఎవరైనా ఎక్స్‌చేంజ్?” అని పడేయడం ఇంకా పనికిరానిది. పదిహేను మంది చూస్తారు, పదిహేను మందీ ఇంకొకరు స్పందిస్తారనుకుంటారు.

సీనియర్ ఎత్తింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న “ఎంత మూత్రం అవుతోంది?” అని. తర్వాత, “సరే, రేపు నేను చేస్తా. రోస్టర్ చూసే అసిస్టెంట్ ప్రొఫెసర్ సార్‌కి నువ్వే మెసేజ్ పెట్టు, నన్ను కూడా చేర్చు. రిజిస్టర్‌లో నేను రాసుకుంటాను.”

ఆ చివరి మాట చాలామంది మరిచిపోతారు. ఇద్దరూ నోటితో ఒప్పుకుని, రిజిస్టర్‌లో పాత పేరే వదిలేస్తే ఆ రాత్రికి సమస్య ఉండదు. స్టాఫ్ నర్సు రోస్టర్ చూసి హాస్టల్లో పడుకున్న మనిషికి ఫోన్ చేసినప్పుడు మొదటి చిక్కు. బెడ్ 4 లాంటివి మెడికో లీగల్ కేసులు కాబట్టి అసలు చిక్కు ఎప్పుడో ఏళ్ల తర్వాత రావచ్చు. కోర్టు సమన్లు వచ్చేనాటికి కేస్ షీట్ మీద సంతకం ఒకరిది, రోస్టర్‌లో పేరు ఇంకొకరిది. ఆ గురువారం వార్డులో ఉన్నదెవరో అప్పుడు ఇద్దరూ వివరించుకోవాలి. పాత పేరు కొట్టేసి, పక్కన కొత్త పేరు, తేదీ, అనుమతి ఇచ్చిన సార్ పొట్టి సంతకం ఉంటే ఈ గొడవ ఉండదు.

సీనియర్ కుదరదని ఉంటే? ఆమె అప్పటికే రెండు రాత్రులు చేసి ఉండొచ్చు, ఆమెకూ జ్వరం ఉండొచ్చు. అప్పుడు పీజీ ఇంకో ముగ్గురిని బతిమాలుతూ రాత్రి ఒంటిగంట దాకా మేలుకోవాల్సిన పనిలేదు. ఒకరిద్దరిని అడిగాక విషయం యూనిట్ చీఫ్‌కు వెళ్లాలి. వార్డుకు డాక్టర్‌ను సమకూర్చడం విభాగం బాధ్యత, విరేచనాలతో ఉన్న పీజీది కాదు. మన దగ్గర ఇది కాగితం మీద ఎంత తేలికో, రాత్రి పదిన్నరకు చీఫ్ నంబర్ నొక్కడం అంత కష్టం. తోటివాళ్ల దగ్గర పరువు పోయినా ఫర్వాలేదు, చీఫ్ నిద్ర మాత్రం చెడగూడదనుకునే పీజీలు బోలెడుమంది.

ఆదివారం ఉదయం 7:50కి మన పీజీ ఏఎంసీలోకి వచ్చింది. చివరి విరేచనం అయి మూడు రోజులు దాటింది. కాస్త నీరసం ఉంది గానీ ఇడ్లీ నిలిచింది. ముందు సింకు దగ్గరికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. బెడ్ 4కు అట్రోపిన్ తగ్గిస్తున్నారు. బెడ్ 7 ఖాళీ, పేషెంట్‌ను వార్డుకు మార్చేశారు. రిజిస్టర్ తెరిస్తే గురువారం వరుసలో ఆమె పేరు మీద అడ్డగీత ఉంది, ఆదివారం వరుసలో సీనియర్ పేరు మీద ఉంది. రెండు చోట్లా పక్కన ఒకే పొట్టి సంతకం. ఫోన్ మోగింది, సీనియర్ మెసేజ్: “పెరుగన్నం తెచ్చుకున్నావా? క్యాంటీన్ సాంబార్ జోలికి పోకు.”