మూడున్నర కోట్లు దేనికి?

పెట్టుబడి కోసం వెళ్ళే ప్రతి స్టార్టప్ ఫౌండర్ చేతిలోనూ పదిపన్నెండు స్లైడ్లుంటాయి. వాటిలో చివరికి దగ్గర్లో ఒక చిన్న పట్టిక కనబడుతుంది. నియామకాలకు 50 శాతం, ప్రోడక్ట్‌కు 30 శాతం, సేల్స్‌కు 20 శాతం. దీన్నే ‘యూజ్ ఆఫ్ ఫండ్స్’ అంటారు. అడిగిన డబ్బు వస్తే దాన్ని ఎలా ఖర్చు పెడతామో చెప్పే పట్టిక ఇది. ఫౌండర్లు దీని మీద అరనిమిషం మాట్లాడి ముందుకు వెళ్ళిపోతారు. అనుభవమున్న ఇన్వెస్టర్ మాత్రం ఇక్కడే ఆపి ప్రశ్నలు మొదలుపెడతాడు. మిగతా స్లైడ్లలో ఉన్నవి ఆశలు. ఈ ఒక్క స్లైడు మాత్రం తన డబ్బు గురించి.

ఒక ఊహా కంపెనీని తీసుకుని ఈ పట్టిక లోపల ఏముంటుందో చూద్దాం. విజయవాడలో ఇద్దరు మిత్రులు మందుల షాపుల కోసం బిల్లింగు, స్టాకు లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేశారనుకోండి. ఇప్పటికి రెండు వందల షాపులు వాడుతున్నాయి. ఒక్కో షాపు నెలకు వెయ్యి రూపాయలు కడుతుంది. ఇద్దరు డెవలపర్లు, ఒక టెస్టర్ పనిచేస్తున్నారు. జీతాలు, అద్దె, సర్వర్లు అన్నీ కలిపి నెల ఖర్చు ఏడు లక్షలు. వీళ్ళు మూడున్నర కోట్లు అడుగుతున్నారు. పట్టికలో పెట్టింది పైన చెప్పిన 50, 30, 20.

ఇన్వెస్టర్ వేసే మొదటి ప్రశ్న సూటిగా ఉంటుంది: “ప్రోడక్ట్ కింద 105 లక్షలు రాశారు. డెవలపర్ల జీతాలు ఇందులో ఉన్నాయా, నియామకాల్లో ఉన్నాయా?” నియామకాల్లో ఉన్నాయంటే, ప్రోడక్ట్‌కు జీతాలు కాక మిగిలే ఖర్చు ముఖ్యంగా క్లౌడ్ సర్వర్లది. ఏడాదిన్నరకు అది 18 లక్షలు దాటదు. మరి మిగతా 87 లక్షలు ఎక్కడికి పోతున్నట్టు? ప్రోడక్ట్‌లోనే ఉన్నాయంటే, నియామకాల కింద రాసిన 175 లక్షలు ఎవరి కోసం? ఇల్లు కట్టే మేస్త్రి ఎస్టిమేటులో కూలీ ఒక పద్దుగా, గోడలు ఇంకో పద్దుగా రాస్తే గోడల్లో కూలీ ఉందో లేదో తెలియనట్టే ఇదీను. మనుషుల్ని పెట్టుకోవడం ఒక పని కాదు. ఏదో ఒక పని కోసమే మనుషుల్ని పెట్టుకుంటాం. కాబట్టి నియామకాలను విడి వరసగా చూపించడం ఈ పట్టికలో మొట్టమొదటి లోపం. ఎంతమందిని తీసుకుంటారో పక్కన వేరే చెప్పవచ్చు. డబ్బును మాత్రం పనిని బట్టే పంచాలి.

అలా పంచాలంటే శాతాలు పక్కనపెట్టి నెలల నుంచి మొదలుపెట్టాలి. ఎవరు, ఏ నెలలో, ఎంత జీతానికి చేరతారు? ఈ మూడూ తేలితే శాతాలు వాటంతటవే వస్తాయి. డబ్బు ఖాతాలో పడ్డ నెలను ఒకటో నెల అనుకుందాం. అప్పుడే ఆఫర్ ఇచ్చినా సీనియర్ ఇంజినీరు వెంటనే రాడు. మన దగ్గర అరవై నుంచి తొంభై రోజుల నోటీసు పీరియడ్ మామూలు. కాబట్టి అతని జీతం మూడో నెల నుంచి లెక్కలోకి వస్తుంది. నెలకు రెండు లక్షల చొప్పున పదహారు నెలలకు 32 లక్షలు. ఇంకో ఇద్దరు డెవలపర్లు నాలుగో నెలలో చేరతారు, వాళ్ళకు 30 లక్షలు. ఇప్పుడున్న ముగ్గురికి ఏడాదిన్నరకు 54, సర్వర్లకు 18. మొత్తం ప్రోడక్ట్ ఖర్చు 134 లక్షలు. ఈ జీతాలన్నిటిలో చేతికొచ్చేదే కాదు, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా కూడా కలిసి ఉండాలి. కొత్త ఫౌండర్లు వేసే లెక్క తరచుగా తప్పేది ఇక్కడే.

సేల్స్ లెక్క ఇంకా ఓపిగ్గా చూడాలి. సేల్స్ హెడ్ నాలుగో నెలలో వస్తాడు. షాపులకు సాఫ్ట్‌వేర్ ఎక్కించి నేర్పించే ముగ్గురు ఆరో నెలలో, షాపుల చుట్టూ తిరిగే ఆరుగురు ఏడో నెలలో చేరతారు. తిరిగేవాళ్ళకు జీతం 35 వేలు. పెట్రోలు, ఇన్సెంటివ్ కలిపితే మనిషికి 60 వేలు. ప్రచారానికి నెలకు రెండు లక్షలు. అన్నీ కలిపి ఏడాదిన్నరకు 105 లక్షలు. ఇక ఫౌండర్ల జీతాలు, ఆఫీసు, ఆడిటరు, లాయరు, లాప్‌టాప్‌లు, మనుషుల్ని వెతికిపెట్టిన ఏజెన్సీ ఫీజు అన్నీ కలిస్తే 72 లక్షల పైచిలుకు. మూడున్నర కోట్లలో ఇంకా 38 లక్షలు మిగులుతాయి. ఇది అనుకోని ఖర్చులకు.

ఇప్పుడు శాతాలు చూడండి. ప్రోడక్ట్ 38, సేల్స్ 30, నిర్వహణ 21, నిల్వ 11. మొదటి స్లైడుకూ దీనికీ పోలికే లేదు. అందులో నిర్వహణ ఖర్చు అసలు లేదు, నిల్వ కూడా లేదు. మనుషుల మీద పెట్టేది సగం అన్నారు కదా, అన్ని వరసల్లోని జీతాలూ కూడితే అది 215 లక్షలు. అంటే అరవై శాతం దాటింది. ఫౌండర్లు దాచిపెట్టారని కాదు, లెక్క వేసుకోలేదంతే. కానీ తన ఖర్చు తనకే తెలియని మనిషికి కోట్లు ఇవ్వడానికి ఎవరూ సిద్ధపడరు.

లెక్క సరిగ్గా కుదిరాక పట్టిక ఇంకో విషయం బయటపెడుతుంది. సేల్స్‌కు 105 లక్షలు పెడితే ఎన్ని షాపులు వస్తాయి? తిరిగే ఆరుగురికీ మొదటి రెండు నెలలు పని నేర్చుకోవడానికే సరిపోతాయి. తొమ్మిదో నెల నుంచి ఒక్కొక్కరు నెలకు పదిహేను షాపులు చేర్పిస్తే పద్దెనిమిదో నెలాఖరుకు 900 కొత్త షాపులు. అంటే ఒక్కో షాపు తేవడానికి దాదాపు 11,700 రూపాయలు ఖర్చయింది. ఆ షాపు ఏడాదికి కట్టేది 12,000. పెట్టిన డబ్బు రావడానికి ఏడాది పడుతుంది, ఈ వ్యాపారానికి అది ఫరవాలేదు. అదే పదిహేను కాక ఎనిమిది షాపులే తెస్తే? వచ్చేవి 480. ఒక్కో షాపు ఖర్చు దాదాపు 22 వేలకు చేరుతుంది. మధ్యలో వాడటం మానేసే షాపులను కూడా తీసేస్తే ఈ వ్యాపారం నిలబడటం కష్టం. కాబట్టి పట్టిక పక్కన రాయాల్సింది ‘సేల్స్ 30 శాతం’ అని కాదు, ‘నెలకు మనిషికి పదిహేను షాపుల చొప్పున 900’ అని. అప్పుడు ఆ పదిహేను అన్న సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇన్వెస్టర్ అడగగలడు. ఫౌండర్లు ఇప్పటిదాకా స్వయంగా తిరిగి రెండు వందల షాపులు చేర్చిన అనుభవం నుంచి దానికి జవాబు చెప్పగలగాలి.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది ఇంకొకటుంది. నెల ఖర్చు ఏడు లక్షలు, చేతిలో మూడున్నర కోట్లు, నాలుగేళ్ళ పైన వస్తాయి కదా అనిపిస్తుంది. కానీ మనుషులు చేరేకొద్దీ నెల ఖర్చు పెరుగుతుంది. మన కంపెనీకి పద్దెనిమిదో నెలలో అది 19 లక్షలు దాటుతుంది. అప్పటికి మిగిలిన 38 లక్షల నిల్వ రెండు నెలలకే సరి. షాపుల నుంచి వచ్చే ఆదాయం ఇంకొన్ని నెలలు లాగవచ్చు. అయితే జాగ్రత్త తెలిసినవాళ్ళు రాని ఆదాయాన్ని ఈ పట్టికలో కలపరు, విడిగా చూపిస్తారు.

పైగా తర్వాతి విడత పెట్టుబడి పద్దెనిమిదో నెలలో మొదలుపెడితే కుదరదు. ఇన్వెస్టర్లను కలవడం, లెక్కల తనిఖీ, ఒప్పందం అన్నిటికీ ఆరు నెలలు కేటాయించుకోవాలి. అంటే పన్నెండో నెలలోనే మళ్ళీ అడగాలి. అప్పటికి చూపించడానికి ఏముంటుంది? సేల్స్ వాళ్ళు అమ్మడం మొదలుపెట్టి నాలుగు నెలలే, కొత్త షాపులు 360. పట్టికలో గొప్పగా రాసుకున్న 900 అప్పటికి కళ్ళెదుట ఉండదు. నా మటుకు నేను ఈ స్లైడులో మొదట వెతికేది ఇదే: డబ్బు అయిపోయే నెలకు కాదు, మళ్ళీ అడగాల్సిన నెలకు ఏం సాధిస్తారు?

దీనికి ఒక సర్దుబాటుంది. ఆరుగురిలో ఇద్దరిని ఏడో నెల దాకా ఆపకుండా నాలుగో నెలలోనే తీసుకుని, ఒకే ఊళ్ళో తిప్పి చూడొచ్చు. అదనంగా అయ్యేది 3 లక్షల 60 వేలు. నిల్వలోంచి తీయొచ్చు. పన్నెండో నెలకు కొత్త షాపులు 360 బదులు 450 అవుతాయి. అంతకంటే ముఖ్యం, పదిహేను షాపులన్న అంచనా ఎంత నిజమో మిగతా నలుగురిని తీసుకునేలోపే కొంత తేలుతుంది. పట్టికను నెలలవారీగా వేసుకున్నవాళ్ళకే ఇలాంటి దారి కనబడుతుంది. శాతాల్లో అది కనపడే అవకాశమే లేదు.

ఇన్వెస్టర్ ఒప్పుకున్నాక ఈ పట్టిక స్లైడు దాటి కాగితాల్లోకి ఎక్కుతుంది. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ కింద ప్రైవేటుగా షేర్లు ఇచ్చేటప్పుడు పీఏఎస్-4 అనే ఆఫర్ లెటర్‌లో డబ్బు దేనికో రాయాలి. వచ్చిన డబ్బు విడి బ్యాంకు ఖాతాలో ఉండాలి. షేర్లు కేటాయించి, ఆ వివరాల పత్రం పీఏఎస్-3 రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసేదాకా అందులోంచి రూపాయి కూడా వాడకూడదు. ఫౌండర్లు గతంలో కంపెనీకిచ్చిన అప్పు ఈ డబ్బుతో తీర్చుకోకూడదన్న షరతు ఇన్వెస్టర్ల ఒప్పందాల్లో తరచూ కనబడుతుంది. అలా తీర్చుకోవాల్సి ఉంటే పట్టికలోనే చెప్పడం మంచిది. తర్వాత బయటపడితే మిగతా లెక్కలన్నిటి మీదా అనుమానం వస్తుంది.

కంపెనీ పెరిగి స్టాక్ మార్కెట్‌కు వచ్చినప్పుడు ఇదే పట్టిక ప్రాస్పెక్టస్‌లో ‘ఆబ్జెక్ట్స్ ఆఫ్ ద ఇష్యూ’ పేరుతో కనబడుతుంది. ఇక్కడ సెబీ నిబంధనలు వర్తిస్తాయి. ‘సాధారణ కార్పొరేట్ అవసరాలు’ అనే పద్దు కింద సేకరించిన మొత్తంలో నాలుగో వంతుకు మించి చూపకూడదు. 2021లో జొమాటో కొత్త షేర్లతో 9,000 కోట్లు సేకరించింది. అందులో 6,750 కోట్లు సొంత ఎదుగుదలకూ, ఇతర కంపెనీల కొనుగోళ్ళకూ అని చూపించి మిగతాది సాధారణ అవసరాల కింద రాసింది. 2022 జనవరిలో సెబీ ఇంకో కట్టుబాటు తెచ్చింది. ఏ కంపెనీని కొంటారో చెప్పకుండా కొనుగోళ్ళకని పెట్టే డబ్బు, సాధారణ అవసరాల డబ్బు రెండూ కలిపి 35 శాతం దాటకూడదు.

ఐపీఓకు అప్లై చేసే చిన్న మదుపరులు గ్రే మార్కెట్ ధర అడుగుతారు తప్ప ఈ పేజీ తెరవరు. తెరవండి. ఎంత డబ్బు ఏ పనికి, ఏ ఏడాదిలో ఖర్చవుతుందో రాసి ఉందా లేదా చూడండి. అది రాయకుండా పెద్ద పద్దులు మాత్రమే చూపించిన కంపెనీకి మీ డబ్బు ఇచ్చే ముందు, ఇన్వెస్టర్ ఆ ఇద్దరు మిత్రులను అడిగిన ప్రశ్నే మీరూ వేసుకోండి.