ఏడాది ప్లాన్‌తో ఎంత మిగులుతుంది?

“ఒకసారి పిలిస్తే 400. నెలకోసారి పిలిస్తే ఏడాదికి 4,800. మా ఏడాది ప్లాన్ 2,400 మాత్రమే. సగానికి సగం ఆదా!” కరెంటు పనులు చేసే ఎలక్ట్రీషియన్లు వాట్సాప్ స్టేటస్‌లో ఇలాంటి ప్రకటనలు పెడుతున్నారు. ఏసీలకు, లిఫ్టులకు అలవాటైన ఏఎంసీ పద్ధతి ఇప్పుడు ఇంటి వైరింగుకూ వచ్చింది. పద్ధతి మంచిదే. ప్రకటనలోని లెక్క మాత్రం ఒక ఊహ మీద నిలబడింది. ఏ ఇంటివాళ్లయినా ఎలక్ట్రీషియన్ని నెలకోసారి పిలుస్తారా?

ఒక ఇంటి ఖర్చు రాసి చూద్దాం. ధరలు ఊరిని బట్టి మారతాయి, ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. కింద ఇంటివాళ్లు, పైన అద్దెకున్నవాళ్లు. ఏసీ, గీజరు, బోరు మోటారు ఉన్నాయి. ఏప్రిల్లో ఫ్యాను నెమ్మదించింది. కెపాసిటర్ మార్చారు, లేబర్ 300. మే నెలలో ఏసీ సాకెట్టు మాడిపోయింది, 300. జులై వానల్లో కరెంటు పదే పదే ట్రిప్ అయింది. గేటు దగ్గరి లైటు హోల్డర్లోకి నీళ్లు దిగాయని వెతికి పట్టుకోవడానికి 500. సెప్టెంబరులో మోటారు స్టార్టరుకు 400. దీపావళి ముందు ట్యూబులైటుకు 300. డిసెంబరులో గీజరు కాయిల్‌కు 400. ఆరు పిలుపులకు లేబర్ 2,200 అయింది. సామానుకు మరో 1,780. మొత్తం 3,980.

ఇప్పుడు ప్లాన్ పక్కన పెట్టండి. 2,400 కట్టినా సామాను ఖర్చు విడిగా ఇవ్వాల్సిందే. కాబట్టి పోల్చవలసింది లేబరుతోనే. 2,200 పోయేచోట 2,400 పోయింది. అంటే 200 నష్టం. ఈ ఇంటివాళ్లకు ఒక పిలుపుకు సగటున 367 రూపాయలు పడుతోంది. ప్లాన్ సొమ్ము రాబట్టాలంటే ఏడో పిలుపు రావాలి. ఏడాదికి ఎన్నో పిలుపు దగ్గర డబ్బు సమానమవుతుందో ప్రకటనలో చెప్పాలి. ఆదా ఎంతో దాన్నిబట్టి ఇంటివాళ్లే తేల్చుకుంటారు.

మరి ప్లాన్ దండగా? కాదు. అసలు విలువ చెడిపోయాక వచ్చే పిలుపుల్లో లేదు, చెడక ముందు వచ్చి చూసే రెండు తనిఖీల్లో ఉంది. పైన చెప్పిన ఆరింటిలో మాడిన సాకెట్టు, తడిసిన హోల్డరు ముందే పట్టుకోదగ్గవి.

సాకెట్టు ఎందుకు మాడిందో చూడండి. ఫ్యాను లాగే కరెంటు ఆంపియరులో మూడో వంతు ఉంటుంది. 2,000 వాట్ల గీజరైతే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, ఒకటిన్నర టన్ను ఏసీ కూడా దానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంత కరెంటు వెళ్లేచోట వైరు రోజూ వేడెక్కి చల్లారుతుంటే, బిగించిన స్క్రూ మెల్లగా సడలుతుంది. సడలిన జాయింటు ఇంకా వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపైతే ఆ జాయింటులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. చివరికి ప్లాస్టిక్ గోధుమరంగుకు మారుతుంది, మాడు వాసన వస్తుంది. మార్చి నెలలో వచ్చిన మనిషి మెయిన్ ఆపి, స్క్రూ ఒక చుట్టు బిగిస్తే మే నెలలో సాకెట్టు మాడేది కాదు.

తనిఖీ అంటే టెస్టరు పెట్టి చూసి వెళ్లిపోవడం కాదు. డీబీ బోర్డు మూత తీసి ప్రతి స్క్రూ బిగుతు చూడాలి. ఏసీ, గీజరు, మోటారు సాకెట్లు విప్పి రంగు మారిందేమో చూడాలి. ఆరుబయటి లైట్లు, డాబా మీది జాయింట్లు వానాకాలానికి ముందే చూడాలి. ఎర్తింగును మీటరుతో కొలవాలి. షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ మీది టెస్టు బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి, పడకపోతే మార్చాలి. ఆ బటన్ నొక్కి చూడటం మూడు నెలలకోసారైనా ఇంటివాళ్లే చేసుకోవచ్చు. అయితే ఆ బటన్ ఆర్‌సీసీబీ పనిచేస్తోందా లేదా అన్నంతవరకే చెబుతుంది. ఎర్తింగు బాగుందని చెప్పదు.

రెండు తనిఖీలూ సరిగ్గా జరిగి ఆ రెండు చెడుపులూ తప్పాయనుకుందాం. సామానులో సాకెట్టు 250, హోల్డరు, వైరు కలిపి 200 మిగులుతాయి. అప్పుడు సామానుకు అయ్యేది 1,330. ప్లాన్ 2,400 కలిపితే 3,730. మునుపటి 3,980తో పోలిస్తే మిగులు 250 రూపాయలు. సాకెట్టు ఒక్కటే తప్పితే మిగిలేది 50. ఏదీ తప్పకపోతే 200 నష్టం. ఇదే ప్రకటనలో 2,400 ఆదాగా కనబడింది.

డబ్బులో తేడా ఇంత చిన్నదైనా, పనిలో పెద్ద మార్పు ఉంది. పిలిచినప్పుడల్లా డబ్బిస్తే, చెడితేనే ఎలక్ట్రీషియన్‌కు ఆదాయం. ఏడాదికి ఒకేసారి కడితే, చెడకపోవడమే అతనికి లాభం. పిలుపు తగ్గితే అతని తిరుగుడు తగ్గుతుంది. ఎండాకాలంలో, వానల్లో అతనికి ఊపిరాడదు, తనిఖీలను పని తక్కువున్న నెలల్లోకి జరుపుకోవచ్చు. ఇంటివాళ్లకు అదే వైరింగు ఎరిగిన మనిషి ప్రతిసారీ వస్తాడు.

అందరికీ ఇది నప్పదు. ఏసీ, మోటారు లేని రెండు గదుల ఫ్లాటులో ఏడాదికి రెండు పిలుపులొస్తే 734 అవుతుంది. విడిగా 500 ఇచ్చి ఒక తనిఖీ చేయించుకున్నా 1,234. అంటే ప్లాన్‌లో సగమే. వైరింగే పాతబడి ఇన్సులేషన్ పొడిలా రాలుతుంటే అది మరమ్మతుతో తీరేది కాదు, కొత్తగా లాగించాల్సిందే. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్నది విద్యుత్ పంపిణీ సంస్థ పని. మీటరు సీలు ఎవరూ ముట్టకూడదు. ఒక గదిలో లైట్లు మరీ ఎక్కువగా వెలిగి ఇంకో గదిలో మసకబారితే న్యూట్రల్ వదిలి ఉండొచ్చు. వెంటనే మెయిన్ ఆపండి. చుట్టుపక్కల ఇళ్లలోనూ అలాగే ఉంటే 1912కు ఫోన్ చేయండి. మీ ఇంట్లోనే అయితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఎలక్ట్రీషియన్లు ప్రకటన ఇలా రాస్తే నమ్మకం పెరుగుతుంది: “ఏడాదికి 2,400. మార్చిలో, అక్టోబరులో రెండు తనిఖీలు, చూసినవి రాసిస్తాం. పిలుపులకు లేబర్ లేదు, సామాను ఖర్చు మీది, దుకాణం బిల్లు ఇస్తాం. ఏసీ గ్యాసు, మోటారు వైండింగు, కొత్త వైరింగు ఇందులో లేవు. ఏడాదికి ఏడుసార్లు, అంతకు మించి పిలిచే ఇంటికి డబ్బు కలిసొస్తుంది.”

చదివేవాళ్లు కట్టే ముందు నిరుటి పిలుపులు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. ఏడుకు దగ్గరగా ఉంటే, ఇంట్లో ఏసీ, గీజరు, మోటారు ఉంటే తీసుకోండి. మూడుకు మించకపోతే ప్లాన్ వద్దు, వేసవికి ముందు ఒక మంచి తనిఖీ చేయించండి. ఏది ఎంచుకున్నా, వచ్చిన మనిషి డీబీ మూత విప్పి చూశాకే డబ్బివ్వండి.