వేదికను విప్పుతూ చెప్పిన కథ

వీడ్కోలు యాత్రలో ఆఖరి రాత్రి గురించి ఎవరు కథ రాసినా పాడేవాడినే నాయకుడిగా పెట్టుకుంటారు. ఆ పెట్టెలు మోసేవాడిని, తీగలు చుట్టేవాడిని, గిటార్ శ్రుతి చేసి చేతికందించేవాడిని ఎవరూ నాయకుడిగా తీసుకోరు. ఊరూరా తిరిగే బృందంతో పాటే ప్రయాణించి ఈ పనులన్నీ చేసే మనుషులను రోడీలంటారు. నల్ల చొక్కా తొడుక్కుని చీకట్లో తిరగడం వాళ్ల అలవాటు, ఎందుకంటే వాళ్లు కనిపించకపోతేనే ప్రదర్శన బాగా జరుగుతున్నట్టు లెక్క. అలాంటివాళ్లను వెలుగులోకి తెచ్చి, వాళ్ల చేతులతోనే ఒక బృందం తన నలభై ఏళ్ల కథ చెప్పించింది. అది కెనడా రాక్ బృందం రష్.

బేస్ వాయిస్తూ పాడే గెడ్డీ లీ, గిటార్ వాయించే అలెక్స్ లైఫ్‌సన్, డ్రమ్స్ వాయించే నీల్ పియర్ట్ ఈ ముగ్గురే రష్. 2015 మే 8న అమెరికాలోని టుల్సాలో మొదలైన వాళ్ల ‘ఆర్40’ యాత్ర 35 కచేరీల తర్వాత ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్ పక్కనే ఉన్న ఇంగిల్‌వుడ్‌లో, ఫోరం అనే హాల్లో ముగిసింది. ఇదే ఆఖరిదని పోస్టర్ల మీద వేయలేదు కానీ, ఇంత పెద్ద యాత్ర బహుశా ఇకపై ఉండదని మాత్రం ముందే చెప్పారు. లైఫ్‌సన్‌కు కీళ్లవాతం, పియర్ట్‌కు భుజం నొప్పి. మూడు గంటల పాటు ఆ స్థాయిలో వాయించడానికి ఒళ్లు సహకరించని దశ వచ్చేసింది.

ఆ యాత్రలో పాటల వరుస వెనక్కి నడిచింది. 2012 నాటి పాటలతో మొదలుపెట్టి, ఏడాది తర్వాత ఏడాది వెనక్కి వెళ్తూ, 1974లో వచ్చిన మొదటి ఆల్బం దగ్గర ఆగారు. పాటలతో పాటు వేదిక కూడా వెనక్కి నడవాలి కదా! అక్కడే రోడీలు రంగంలోకి దిగారు. ఒకే రకం పనిబట్టలు వేసుకున్న మనుషులు, పాట నడుస్తుండగానే, దీపాల వెలుగులోనే వేదిక మీదికి నడిచి వచ్చి కొన్ని వస్తువులు తీసేసి మరికొన్ని పెట్టి వెళ్లేవారు. ఎక్కడా తొందర ఉండదు. జనంవైపు చూడరు. తమ పని తాము చేసుకుని పోతారు.

వాళ్లు మార్చే వస్తువులకూ ఒక చరిత్ర ఉంది. లీ బేస్ శబ్దం వేదిక మీది పెద్ద స్పీకర్ల గుండా పోకుండా నేరుగా సౌండ్ ఇంజనీర్ దగ్గరికే వెళ్తుంది. దాంతో ఆయన వెనక చోటు బోసిపోయింది. లైఫ్‌సన్ వెనక మాత్రం స్పీకర్ల గోడ ఉండేది. ఆ ఖాళీని నింపడానికి ఒక యాత్రలో ఫ్రిజ్ పెట్టారు, ఇంకో యాత్రలో బట్టలు ఆరబెట్టే యంత్రాలు, మరోసారి కోళ్లు కాల్చే యంత్రాలు పెట్టారు. కోళ్ల యంత్రాలున్న రోజుల్లో వంటవాడి వేషంలో ఒక మనిషి మధ్యలో వచ్చి కోళ్లను చూసి వెళ్లేవాడు. ఆర్40లో పాత యాత్రల గుర్తులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, ఆ తర్వాత అవీ పోయాయి. వాటి చోటికి స్పీకర్ల దొంతరలు వచ్చాయి, అవీ తగ్గిపోతూ వచ్చాయి. చిట్టచివరికి వెనక తెర మీద స్కూలు జిమ్, ముందు కుర్చీల మీద చిన్న ఆంప్లిఫయర్లు మిగిలాయి. స్కూలు కుర్రాళ్లు బృందం కట్టిన రోజుల్లో వాళ్లకు ఉన్నది అంతే.

నాకు ఈ ఆలోచనే అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. బృందం తన గతాన్ని చెప్పుకోవడానికి ఫొటోలు చూపించవచ్చు, ఉపన్యాసం ఇవ్వవచ్చు. వీళ్లు ఆ పనిని సామాను ఎత్తి దించేవాళ్లకు అప్పగించారు. రోడీ ప్రతి రాత్రీ కచేరీ అయ్యాక చీకట్లో చేసే పనినే కచేరీ మధ్యలో, అందరూ చూస్తుండగా చేయించారు.

కనిపించే ఆ పని వెనక కనిపించని పని చాలా ఉంది. ఆ రాత్రి గిటార్ల సంగతే చూడండి. లీ, లైఫ్‌సన్ ఇద్దరూ ఒక్కో కాలానికి తగ్గ వాద్యాన్ని ఎంచుకున్నారు. లీ అయితే దాదాపు ప్రతి పాటకీ బేస్ మార్చాడు. అంటే వేదిక పక్క చీకట్లో నిలబడ్డ గిటార్ టెక్నీషియన్‌కు ఊపిరి తీసుకునే తీరిక లేదు. కొత్త తీగ వేస్తే అది సాగుతుంది, సాగితే శ్రుతి దిగుతుంది. అందుకే తీగలు వేశాక చేత్తో లాగి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ లాగుతారు. ఇక చాలు, నిలబడింది అనిపించేదాకా ఆ పని సాగుతుంది. రాత్రంతా చల్లటి ట్రక్కులో ఉన్న చెక్క, సాయంత్రం దీపాల వేడికి వచ్చేసరికి శ్రుతి మళ్లీ కదులుతుంది. కాబట్టి మధ్యాహ్నం సరిచూసిన గిటార్‌ను రాత్రి చేతికిచ్చే ముందు ఇంకోసారి చూడాల్సిందే.

‘జానడూ’ అనే 1977 నాటి పాటకు లైఫ్‌సన్ రెండు మెడల గిటార్ వాడాడు. ఒక మెడకు 12 తీగలు, రెండోదానికి 6. మొత్తం 18 తీగల శ్రుతి చూడాలి. 12 తీగలు జంటలుగా ఉంటాయి. జంటలో ఒక తీగ వెంట్రుకవాసి తేడా ఉన్నా, రెండూ కలిసి మోగినప్పుడు శబ్దం అలలు అలలుగా వణుకుతుంది. వేలమంది కేకల మధ్య చెవితో దాన్ని పట్టుకోవడం కష్టం, అందుకే టెక్నీషియన్ కళ్లు శ్రుతి చూపే యంత్రం మీదే ఉంటాయి. మార్చే క్షణం ఇంకా సున్నితమైనది. పాత గిటార్ శబ్దం ముందు ఆపాలి. ఆపకుండా తీగ ఊడదీస్తే హాలంతా ‘ఠప్’ మని పేలుతుంది. కొత్తదాని పట్టీ భుజానికి తగిలేలా, మెడ పైకి ఉండేలా పట్టుకుని ఎదురెళ్లాలి. వాయించేవాడు చెయ్యి దూరుస్తాడు, అంతే. మాటల్లేవు. ఇంకో స్వరానికి శ్రుతి చేసిన గిటార్ పొరపాటున చేతికిస్తే మొదటి మోతలోనే తెలిసిపోతుంది, అప్పుడు దాచడానికి దారి లేదు. అందుకే పాటల వరుస ప్రకారం గిటార్లను స్టాండు మీద ఎడమ నుంచి కుడికి అమర్చుకుంటారు.

డ్రమ్స్ దగ్గర పని ఇంకా బరువైనది. పియర్ట్ ఆ యాత్రలో రెండు సెట్లు వాయించాడు. మొదటి సగానికి కొత్తది. విరామం తర్వాత, డెబ్బయ్యో దశకంలో ఆయన వాడిన తీరులో, రెండు బాస్ డ్రమ్ములతో, పొడుగాటి గొట్టాల గంటలతో ఇంకోటి. ప్రతి రాత్రీ విరామంలో ఒకటి పోయి ఇంకోటి రావాలి. డ్రమ్మర్ చూడకుండా కొడతాడు. తాళం నిన్న ఉన్న చోటునుంచి రెండు వేళ్లు జరిగినా కర్ర గాలిలోకి పోతుంది, లేదా అంచుకు తగిలి విరుగుతుంది. అందుకని స్టాండు కాళ్లు ఎక్కడ ఆనాలో కింద పరిచిన తివాచీ మీద టేపుతో గుర్తులు పెడతారు. గొట్టం ఎంత ఎత్తులో ఆగాలో అక్కడ ఒక లోహపు పట్టీ బిగించి ఉంచుతారు. అమర్చాక డ్రమ్ టెక్నీషియన్ తానే ఆ పీట మీద కూర్చుని ప్రతిదీ అందుతుందో లేదో చూసుకుంటాడు.

ఆ రాత్రి ఆఖరి పాట ‘వర్కింగ్ మాన్’, మొదటి ఆల్బంలోది. అది అయ్యాక పియర్ట్ ఎన్నడూ చేయని పని చేశాడు. వేదిక ముందుభాగం తన చోటు కాదని, డ్రమ్ములు దాటి ముందుకు రానని ఆయన పెట్టుకున్న నియమం. కచేరీ అవగానే వెనకనుంచి వెనకే వెళ్లిపోయేవాడు. ఆగస్టు 1న మాత్రం ముందుకు నడిచి వచ్చి ఇద్దరు సహచరులనూ భుజాల చుట్టూ చేతులేసి కౌగిలించుకున్నాడు. ముగ్గురూ కలిసి జనానికి నమస్కరించారు. ఇదే ఆఖరిదని అందరికన్నా ముందు వేదిక వెనకున్నవాళ్లకే అర్థమై ఉంటుందని నా ఊహ. ఆ గీత ఆయన దాటడని వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? దీపాల రూపకర్త హోవర్డ్ ఉంగర్‌లైడర్ 1974 నుంచీ ఈ బృందంతోనే ఉన్నాడు.

కానీ నిలబడి చూసే సమయం కూడా వాళ్లకు లేదు. జనం మెట్లు దిగుతుండగానే అసలు విప్పుడు మొదలవుతుంది. ఏ పెద్ద యాత్రలోనైనా దీనికి ఒక వరుస ఉంటుంది. ముందు వాద్యాలు, తర్వాత సౌండ్, తెరలు, దీపాలు. పైకప్పు నుంచి వేలాడే గొలుసు మోటార్లు ఆఖరికి దిగుతాయి. ట్రక్కులోకి ఆఖరున ఎక్కింది తలుపు దగ్గర ఉంటుంది. మరుసటి ఊళ్లో ఉదయం ముందుగా కావలసింది ఆ మోటార్లే, దీపాలే. అంటే విప్పే వరుసే మరుసటి రోజు కట్టే వరుసకు సరిపోతుంది. ప్రతి పెట్టె మీదా ఏ విభాగానిది, ఏ ట్రక్కులోది అని రాసి ఉంటుంది. సాయానికి వచ్చిన స్థానిక కూలీలకు ఆ రాతే ఆధారం.

ఆఖరి రాత్రి ఈ లెక్క చెల్లదు. మరుసటి ఊరు లేదు. దీపాలు, సౌండ్, తెరలు, మోటార్లు సాధారణంగా అద్దెకిచ్చే కంపెనీలవి. ఎవరివి వాళ్ల గోడౌన్‌కు పోవాలి. బృందానికి సొంతమైనవి వాద్యాలు, ఆంప్లిఫయర్లు, రంగస్థలం కోసం చేయించిన వస్తువులు. నెలల తరబడి విభాగాలు ఒకరి తీగ ఒకరు వాడుకుని ఉంటాయి. దీపాలవాళ్ల పెట్టెలో సౌండువాళ్ల తీగ, సౌండువాళ్ల పెట్టెలో డ్రమ్స్ వాళ్ల తివాచీ దొరుకుతాయి. రోజూ అయితే పరవాలేదు, రేపు మళ్లీ కలుస్తారు. ఈ రాత్రి కలిసిపోయింది మళ్లీ దొరకదు. కాబట్టి అలసిన ఒళ్లతోనే పెట్టెలు తెరిచి విడదీసుకోవాలి. పైగా కెనడా బృందం అమెరికాలో వాయించింది. ఇలా సరిహద్దు దాటే సామానుకు సాధారణంగా ఒక్కో వాద్యం సీరియల్ నంబరుతో సహా జాబితా రాసి కస్టమ్స్‌కు ఇస్తారు. తిరిగివచ్చేటప్పుడు జాబితా, పెట్టెలు సరిపోకపోతే పన్ను కట్టమంటారు. తీపి గుర్తుగా ఎవరైనా ఏదైనా ఉంచుకున్నా అది లెక్కలో తేలుతుంది.

ఇదంతా ముగిసేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది. రోడీలలో చాలామంది నెలజీతగాళ్లు కాదు, యాత్ర ఉన్నన్ని వారాలకే డబ్బు. ఇంకో బృందం పిలిస్తే సామాను సర్దుకుని అటు పోతారు. పియర్ట్ 2020 జనవరి 7న మెదడు క్యాన్సర్‌తో చనిపోయాడు. లీ, లైఫ్‌సన్ 2025 అక్టోబర్‌లో జర్మనీ డ్రమ్మర్ అనికా నిలెస్‌తో కలిసి మళ్లీ యాత్ర చేస్తామని, ఫోరంలోనే మొదలుపెడతామని ప్రకటించారు. పియర్ట్ చేతికి అందేలా తివాచీ మీద పెట్టిన గుర్తులు ఆమెకు పనికిరావు. డ్రమ్ టెక్నీషియన్ ఆమె ఎత్తుకు, ఆమె చెయ్యి చాపే దూరానికి మళ్లీ మొదటినుంచి కొలుచుకోవాలి.