మెడ రక్తనాళంలో రెండు నీలాలు

స్కానింగ్ బల్ల మీద పడుకున్న పెద్దాయనకు 71 ఏళ్లు. వారం కిందట పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయిందట. కుడిచెయ్యి ఓ పావుగంట మాట వినలేదు, తర్వాత దానంతటదే మామూలైంది. పక్షవాతానికి ముందు హెచ్చరిక ఒక్కోసారి ఇలాగే వస్తుంది. మెదడు ఎడమ సగం కుడిచేతిని నడిపిస్తుంది కాబట్టి, ఆ సగానికి రక్తం తీసుకెళ్లే ఎడమ కెరోటిడ్ ధమని ఎక్కడైనా ఇరుకైందా అని చూడమని డాక్టరు రాసి పంపారు. మా దగ్గర రేడియాలజీ పీజీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి మెడకు జెల్ రాసి ప్రోబ్ ఆనించింది. కెరోటిడ్ దవడ కింద రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర తెర మీద నాళమంతా ఎర్రగా ఉండి, రెండు చోట్ల మాత్రం నీలం కనిపించింది.

"మేడమ్, రెండు చోట్లా రక్తం వెనక్కి తిరుగుతోంది" అంది.

ఒకచోట నిజంగానే తిరుగుతోంది. రెండోచోట తిరగడం లేదు. ఆ రెండు నీలాలకూ తేడా కనిపెట్టగలిగితే కలర్ డాప్లర్‌లో సగం పని వచ్చినట్టే.

ముందు ఆ రంగు ఎక్కడిదో చూద్దాం. రైల్వే గేటు దగ్గర నిలబడితే, మన వైపు వస్తున్న రైలు కూత సన్నగా వినిపించి, దాటిపోగానే బొంగురుపడుతుంది. 1842లో ప్రాగ్ నగరంలో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రం ఇదే. ఆయన రాసింది జంట నక్షత్రాల రంగుల గురించి. నక్షత్రాల రంగులకు ఆయన చెప్పిన కారణం నిలబడలేదు కానీ, సూత్రం మాత్రం నిలబడింది. మన ప్రోబ్ పంపే శబ్దం ఎర్రకణాలకు తగిలి తిరిగొస్తుంది. కణాలు ప్రోబ్ వైపు వస్తుంటే తిరిగొచ్చే శబ్దం పౌనఃపున్యం కాస్త పెరుగుతుంది, దూరంగా పోతుంటే తగ్గుతుంది. ఆ తేడానే యంత్రం కొలుస్తుంది. ప్రోబ్ వైపు వచ్చేదానికి ఎరుపు, దూరంగా పోయేదానికి నీలం వేయడం మనుషులు పెట్టుకున్న ఏర్పాటు మాత్రమే. ఒక్క మీట నొక్కితే రెండూ తారుమారవుతాయి. ఎరుపు కనిపిస్తే ధమని, నీలం కనిపిస్తే సిర అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందుకే ఇది చెప్పాల్సి వస్తోంది.

తెర పక్కన ఒక రంగుల పట్టీ ఉంటుంది. దాని నడుమ నలుపు, అంటే వేగం సున్నా. పైకి పోయేకొద్దీ ముదురు ఎరుపు, తర్వాత నారింజ, చివర పసుపు. కిందికి పోయేకొద్దీ ముదురు నీలం, చివర లేత ఆకాశనీలం. నేను ఆ అమ్మాయితో బొమ్మను కదలకుండా ఆపి, రెండు నీలాల అంచులూ చూడమన్నాను. మొదటి మచ్చ చీలిక దగ్గర, నాళం కాస్త ఉబ్బి ఉండే చోట, బయటి గోడను ఆనుకుని ఉంది. ఎరుపు ముదిరి నల్లటి సన్నని గీతగా మారింది, ఆ తర్వాతే నీలం మొదలైంది. రక్తం నిజంగా దిక్కు మార్చుకోవాలంటే మధ్యలో ఎక్కడో వేగం సున్నా కావాలి, కాబట్టి నలుపు దాటే తీరాలి. ఆ ఉబ్బులో రక్తం చిన్న సుడిలా వెనక్కి తిరగడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ మామూలే.

రెండో మచ్చ కాస్త పైన, గోడకు కొవ్వు పేరుకున్న చోట ఉంది. అక్కడ నల్లగీత లేదు. ఎరుపు పసుపైంది, పసుపు పక్కనే లేత ఆకాశనీలం, దాని లోపల నీలం. అంటే రంగు పట్టీ పై చివర దాటి కింది చివర నుంచి లోపలికి వచ్చింది. అక్కడ రక్తం వెనక్కి పోవడం లేదు, యంత్రం లెక్కకు అందనంత వేగంగా ముందుకే పోతోంది. దీన్నే ఏలియాసింగ్ అంటాం.

ఇదెందుకు జరుగుతుందో గడియారంతో చూపించవచ్చు. గోడ గడియారంలో నిమిషాల ముల్లు ఒక్కటే ఉందనుకోండి. దాన్ని 20 నిమిషాలకోసారి ఫోటో తీస్తే ముల్లు 12 మీద, 4 మీద, 8 మీద కనిపిస్తుంది. ముందుకే పోతోందని ఎవరైనా చెబుతారు. 30 నిమిషాలకోసారి తీస్తే 12, 6, 12, 6. ఎటు పోతోందో చెప్పలేం. 45 నిమిషాలకోసారి తీస్తే 12, 9, 6, 3. వెనక్కి తిరుగుతోందని ఒట్టేసి మరీ చెబుతారు. గడియారం సరిగ్గానే నడుస్తోంది, మనం చూడాల్సినంత తరచుగా చూడడం లేదు. యంత్రం కూడా రక్తాన్ని ఆగకుండా చూడదు. సెకనుకు కొన్ని వేలసార్లు శబ్దాన్ని తుంచి పంపి, ప్రతిసారీ ఒక ఫోటో తీసినట్టు చూస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు పంపుతుందో ఆ అంకె పీఆర్ఎఫ్. పౌనఃపున్యంలో తేడా ఆ అంకెలో సగం దాటిందంటే దిక్కు తారుమారుగా కనిపిస్తుంది. ఆ సగానికి నైక్విస్ట్ హద్దు అని పేరు.

మా తెర మీద కలర్ స్కేలు 20 సెంటీమీటర్ల దగ్గర ఉంది. దాన్ని 40కి పెంచమన్నాను. స్కేలు పెంచడమంటే పీఆర్ఎఫ్ పెంచడమే. పైనున్న నీలం దాదాపు మాయమైంది, కొవ్వు గడ్డ కొన దగ్గర ఒక చుక్క మాత్రం మిగిలింది. కింద ఉబ్బులోని నీలం పాలిపోయినా అలాగే ఉంది. ఆ మిగిలిన చుక్కను చెరిపెయ్యాలని తొందరపడకూడదు. నాళంలో రక్తం అన్నిటికంటే వేగంగా పోతున్నది అక్కడే, కొలత తీయాల్సిందీ అక్కడే. స్కేలును మరీ పెంచేస్తే ఇంకో ప్రమాదం. నిదానంగా పారే రక్తానికి రంగే పడదు. సన్నని ధారగా రక్తం పోతున్న నాళం పూర్తిగా మూసుకుపోయిందని రాసే తప్పు అలాగే జరుగుతుంది.

రంగు సగటు వేగాన్ని పైపైన చూపిస్తుంది. గరిష్ఠ వేగం కావాలంటే ఆ చుక్క మీద చిన్న గేటు పెట్టి గ్రాఫు తీయాలి. గ్రాఫులోనూ అదే కథ. గుండె కొట్టినప్పుడు లేచే శిఖరం తల తెగిపోయి, ఆ తల గ్రాఫు కింది భాగంలో తేలింది. మా ప్రోబ్ డాప్లర్ పౌనఃపున్యం 5 మెగాహెర్ట్జ్, పీఆర్ఎఫ్ 6 కిలోహెర్ట్జ్. హద్దు 3 కిలోహెర్ట్జ్ అన్నమాట. అసలు తేడా 3.65. అది 3 దాటగానే 6 తీసేసిన అంకెగా, అంటే మైనస్ 2.35 దగ్గర కనిపించింది. బేస్‌లైన్‌ను కిందికి దించగానే తెగిన తల మొండేనికి అతుక్కుంది. మెడలో నాళం మూడు సెంటీమీటర్ల లోతులోనే ఉంటుంది కాబట్టి పీఆర్ఎఫ్‌ను ఇంకా పెంచుకునే వీలూ ఉంది. అదే కిడ్నీ ధమని 12 సెంటీమీటర్ల లోతులో ఉంటే, శబ్దం పోయి తిరిగి వచ్చేదాకా ఆగాలి, సెకనుకు 6,400 సార్లకు మించి పంపలేం. అక్కడ తక్కువ పౌనఃపున్యం ప్రోబే దిక్కు.

గ్రాఫు చక్కగా వచ్చింది. యంత్రం గరిష్ఠ వేగం సెకనుకు 150 సెంటీమీటర్లు అని చూపింది. ఆ అమ్మాయి ముఖం మారిపోయింది. ఎందుకంటే చాలామంది వాడే పట్టికలో 125 దాటితే నాళం సగానికి మించి ఇరుకైనట్టు, 230 దాటితే 70 శాతం మించినట్టు. కానీ రంగు తీసేసి మామూలు నలుపు తెలుపు బొమ్మ చూస్తే కొవ్వు గడ్డ నాళంలో మూడోవంతు కూడా లేదు. బొమ్మ ఒకటి చెబుతూ అంకె ఇంకొకటి చెబితే, నేను ముందు అనుమానించేది కోణాన్ని.

యంత్రం కొలిచింది వేగం కాదు, పౌనఃపున్యంలో తేడా. దాన్నుంచి వేగాన్ని ఈ సూత్రంతో లెక్క కడుతుంది:

Δf = 2 f v cosθ / c

ఇందులో f ప్రోబ్ పౌనఃపున్యం, v రక్తం వేగం, c శరీరంలో శబ్దం వేగం, సెకనుకు 1540 మీటర్లు. θ అంటే శబ్దం పోయే గీతకూ రక్తం పారే దిక్కుకూ మధ్య కోణం. మీరు గుమ్మంలో నిలబడి ఉంటే, ఎదురుగా వచ్చే మనిషి అడుగడుగుకీ దగ్గరవుతాడు. గుమ్మానికి అడ్డంగా వీధిలో పోయేవాడు మీ ఎదురుగా ఉన్న క్షణంలో దగ్గరా కాడు, దూరమూ కాడు. డాప్లర్‌కు తెలిసేది ఆ దగ్గరయ్యే భాగమే. పూర్తిగా అడ్డంగా, 90 డిగ్రీల్లో, ఏమీ తెలియదు. నిండుగా పారే నాళం కూడా నల్లగా కనిపిస్తుంది.

f, c యంత్రానికి తెలుసు, Δf అది కొలుస్తుంది. θ మాత్రం మనిషి చెప్పాలి, గేటు మీద చిన్న గీతను తిప్పి నాళం గోడకు సమాంతరంగా పెట్టాలి. ఆ అమ్మాయి గీత 68 డిగ్రీల దగ్గర ఉంది. బొమ్మ పెద్దది చేసి చూస్తే ఆ చోట నాళం కాస్త వంపు తిరిగింది. గీతను వంపు కింది గోడను చూసి పెట్టింది. గేటు ఉన్న చోటి గోడకు సరిచేస్తే కోణం 60 అయింది. గ్రాఫు వెంట్రుకవాసి కూడా కదల్లేదు, చప్పుడు మారలేదు, అదే 3.65 కిలోహెర్ట్జ్. అంకె మాత్రం 150 నుంచి 112కి దిగింది. కొసైన్ 68 అంటే 0.375, కొసైన్ 60 అంటే 0.5. మొత్తం తేడా ఆ ఒక్క భాగహారంలోనే ఉంది.

అరవై దాటనివ్వకండి అని పాఠ్యపుస్తకాలు అంత గట్టిగా చెప్పేది ఇందుకే. అసలు కోణం 30 ఉన్నప్పుడు 5 డిగ్రీలు ఎక్కువ పెడితే వేగం 6 శాతమే ఎక్కువ వస్తుంది. 60 దగ్గర అదే తప్పు 18 శాతం, 70 దగ్గర 32 శాతం. 80 దగ్గర అయితే వేగం రెండింతలవుతుంది. చేతి తప్పు అదే, శిక్ష మాత్రం కోణంతో పెరుగుతుంది. కోణం 60 లోపు రావడం లేదని గీతను ఊరికే 60కి తిప్పేయడం ఇంకా పెద్ద తప్పు. అప్పుడు గీత నాళానికి సమాంతరంగా ఉండదు, అంకెకు అర్థం ఉండదు. ప్రోబ్ ఒక కొనను చర్మంలోకి కొద్దిగా నొక్కి నాళాన్ని తెర మీద ఏటవాలు చేయాలి, లేదా శబ్దపు గీతను పక్కకు వాల్చాలి. పెద్దాయన గడ్డం ఇంకాస్త పైకి ఎత్తమన్నా కొన్నిసార్లు సరిపోతుంది.

చీలిక కింద అసలు ధమనిలో కూడా 60 డిగ్రీల్లోనే కొలిచాం, 70 వచ్చింది. పైన 112, కింద 70, నిష్పత్తి 1.6. సగానికి మించిన ఇరుకుకు నిష్పత్తి 2 దాటాలి. మొదటి 150 నిజమనుకుని ఉంటే అదీ 2 దాటేది, రెండు సాక్ష్యాలూ ఒకే తప్పును బలపరిచేవి.

"మరి అంతకుముందు నేను చూసినవాళ్లకు?" అని ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. ఆ వారం తను తీసిన బొమ్మలన్నీ దాచిపెట్టే ఉన్నాయి. ప్రతి గ్రాఫు మూలలోనూ కోణం అంకె ఉంటుంది. సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే తెరిచాం. తొమ్మిదింటిలో ఒకదానికి కోణం 72. ఆవిడకు ఫోన్ చేసి మళ్లీ రమ్మన్నాం. పెద్దాయన రిపోర్టులో వేగం 112 అని, పక్కనే కోణం 60 అని రాశాం, ఆరు నెలల తర్వాత ఎవరు చూసినా అదే కోణంలో కొలిచేలా.