వృత్తం దాటితే అదుపు తప్పే మోటారు

డిజిటల్ కంట్రోలర్ మోటారును ఎడతెగకుండా గమనించదు. సెకనుకు 100 సార్లు వేగాన్ని కొలుస్తుందనుకుంటే, ఒక కొలతకూ మరో కొలతకూ మధ్య అది పంపిన వోల్టేజీ మారకుండా ఉంటుంది. కాబట్టి ఈ అడుగులోని విలువల నుంచి తర్వాతి అడుగు విలువను చెప్పే భేద సమీకరణం చాలు. ఒక చిన్న డీసీ మోటారుకు అది ఇలా ఉందనుకుందాం:

```
y[k+1] = 0.9 y[k] + 0.1 u[k]
u[k] = K (r - y[k])
```

ఇందులో y వేగం, r కావలసిన వేగం, u మోటారుకు అందే ఆదేశం, K గెయిన్. రెండో సమీకరణాన్ని మొదటిదాంట్లో పెడితే, మోటారు చివరికి నిలిచే వేగానికీ ప్రస్తుత వేగానికీ ఉన్న తేడా ప్రతి అడుగులోనూ `0.9 - 0.1K`తో గుణించబడుతుందని తేలుతుంది. అంటే ఇది బడిలో చదివిన గుణశ్రేఢే. K విలువ 14 అయితే నిష్పత్తి −0.5, తేడా 100, −50, 25 అంటూ కరిగిపోతుంది. K 20 అయితే నిష్పత్తి −1.1, అదే తేడా 100, −110, 121 అంటూ పెరిగిపోతుంది. హద్దు 19 దగ్గర ఉంది.

సమీకరణం పెద్దదైతే నిష్పత్తి ఇలా కంటికి కనబడదు. అక్కడ జెడ్ ట్రాన్స్‌ఫార్మ్ పనికొస్తుంది. కొలతల వరుసను అది `x[0] + x[1]z⁻¹ + x[2]z⁻² + …` అని రాస్తుంది. దాంతో ఒక అడుగు ఆలస్యం `z⁻¹`తో గుణకారంగా మారి, భేద సమీకరణం మామూలు బీజగణితమవుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో రగజినీ, లాట్ఫీ జాదే 1952లో ప్రచురించిన పత్రంతో ఈ పద్ధతి కంట్రోల్ ఇంజినీర్లలో స్థిరపడింది. హారాన్ని సున్నా చేసే z విలువలే పోల్స్. వ్యవస్థ స్పందనలో ప్రతి పోల్ `p`కూ `pᵏ` లాంటి ఒక పదం ఉంటుంది.

ఇప్పుడు పై మోటారులోనే కొలత ఒక అడుగు ఆలస్యంగా అందుతుందనుకుందాం. పోల్స్ `z² - 0.9z + 0.1K = 0` మూలాలవుతాయి. K మరీ చిన్నది కాకపోతే అవి సంకీర్ణ సంఖ్యల జంట; మూలాల లబ్ధం 0.1K కనుక ఒక్కోదాని పరిమాణం దాని వర్గమూలం. సంకీర్ణ సంఖ్య ఘాతాలు ప్రతి అడుగుకూ ఒకే కోణం తిరుగుతాయి. పరిమాణం 1 కన్నా తక్కువైతే లోపలికి, ఎక్కువైతే బయటికి సాగుతాయి. కోణం డోలనం ఎంత వేగమో చెబుతుందే తప్ప, అది ఆగుతుందో లేదో చెప్పదు. ఆ తీర్పు పరిమాణానిదే. మూలబిందువు నుంచి 1 దూరంలోని బిందువులన్నీ కలిస్తే వృత్తం. అందుకే హద్దు వృత్తమైంది. ఒక్క అడుగు ఆలస్యానికే K హద్దు 19 నుంచి 10కి పడిపోయింది.

ఇదే మొదటి తరగతి మోటారును ఆలస్యం లేని అనలాగ్ సర్క్యూట్‌తో నడిపితే, లెక్క ప్రకారం K ఎంత పెంచినా అదుపు తప్పదు. రెండు కొలతల మధ్య మోటారును చూడకపోవడమే డిజిటల్‌లో ఈ హద్దును తెచ్చింది. నిజమైన మోటారులో వేగం అనంతంగా పెరగదు, వోల్టేజీకి గరిష్ఠ పరిమితి ఉంటుంది గనుక. దానికి బదులు ఆదేశం రెండు కొసల మధ్య కొట్టుకుంటుంది. నమోదైన కొలతల్లో తేడా గుర్తు ప్రతి అడుగుకూ మారుతుంటే పోల్ −1 వైపు ఉన్నట్టు. దాదాపు ఆరు అడుగులకొక డోలనం తిరుగుతుంటే, ఈ మోటారు విషయంలో, కొలత ఒక అడుగు వెనకబడిందేమో చూడాలి.