పడదు, పడలేదు

మా కోవూరులో ఒంటికి ఏది సరిపడకపోయినా చెప్పే మాట ఒకటే: "పడలేదండీ!" రొయ్యలు తిని దద్దుర్లు లేచినా అదే మాట, సూది వేయించుకున్న వారానికి జ్వరం వచ్చినా అదే మాట. వైద్యుడిగా నేను మొదట అడిగే ప్రశ్న "ఏం తిన్నావు?" కాదు, "తిన్న ఎంతసేపటికి?" అని. 1963లో జెల్, కూంబ్స్ అనే యిద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఈ పడకపోవడాలను నాలుగు తెగలుగా విడదీశారు. ఒక్కొక్క తెగ గడియారం ఒక్కొక్క విధంగా నడుస్తుంది.

మొదటిది నిమిషాల లెక్క. తూర్పున సముద్రం వైపు పోతే అంతా రొయ్యల చెరువులే గనుక, మాకు దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు వుంది. కొందరి శరీరం దాన్ని శత్రువుగా ఎంచి, ఐజిఇ అనే ప్రతిదేహాలను తయారుచేస్తుంది. అవి మాస్ట్ కణాలపైన అంటుకుని కాచుకుని వుంటాయి. అంతవరకూ బయటికి ఏమీ తెలియదు. అందుకే "నిరుటిదాకా తిన్నానే!" అని ఆశ్చర్యపోతారు. మళ్ళీ తిన్నప్పుడు ఆ కణాలు పగిలినట్లుగా హిస్టమిన్ను కుమ్మరిస్తాయి. దురద, దద్దుర్లు, పెదవుల వాపు. ముదిరితే గొంతు బిగుసుకుని, రక్తపు పోటు పడిపోతుంది. అప్పుడు దురద మాత్ర చాలదు. తొడ కండలో అడ్రినలిన్ సూది వెంటనే పడాలి. ఎంత ఉడికించినా ఆ మాంసకృత్తు చావదు. పీతలోనూ అటువంటిదే వుంది. చేపలో మనుషులకు పడనిది సాధారణంగా వేరే పదార్థం గనుక, రొయ్యలు పడనివారిలో చాలామంది చేపల పులుసు హాయిగా తినవచ్చు. అయితే ఆ మాట పరీక్ష చేసిన వైద్యుడు చెప్పాలి.

రెండవ తెగలో ప్రతిదేహాలు నేరుగా కణాలనే పట్టుకుంటాయి. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అనుకుందాం. తొలి కాన్పులో బిడ్డ రక్తం కాస్త తల్లిలో కలిస్తే, ఆమె శరీరం దానికి ప్రతిదేహాలు చేసుకుంటుంది. మలి గర్భంలో అవి మాయను దాటి, బిడ్డ ఎర్రకణాలకు అంటుకుని వాటిని నాశనం చేస్తాయి. బిడ్డ పాలిపోతుంది, పుట్టగానే పసుపెక్కుతుంది. కాన్పయిన 72 గంటలలోగా తల్లికి ఆంటీ-డి సూది వేస్తే, ఈ గొడవ చాలావరకు రాకుండానే పోతుంది.

మూడవదే నాకు మిక్కిలి చిత్రమైనదిగా తోస్తుంది. వరికోతల్లో రక్తపింజర కరిచిన ఒక కూలీకి పాముమందు పది సీసాలు ఎక్కించారు. ప్రాణం దక్కింది, యింటికి వెళ్ళాడు. తొమ్మిదో రోజున జ్వరం, ఒళ్ళంతా దద్దు, మణికట్లు, మోకాళ్ళు వాచి నా దగ్గరికి వచ్చాడు.

"విషం యింకా లోపలే వుందేమో సామీ!" అంది అతని భార్య.

"విషం కాదమ్మా, మందు తాలూకు గుర్రం," అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

మన దేశపు పాముమందు గుర్రాల రక్తం నుంచి తీసిందే. గుర్రపు మాంసకృత్తులు మనకు పరాయివి. వాటికి ప్రతిదేహాలు తయారవడానికి సుమారు వారం పడుతుంది. అప్పటికీ మందు కొంత రక్తంలో మిగిలివుంటుంది. రెండూ కలిసి చిన్న చిన్న ముద్దలై, కీళ్ళలోనూ, చర్మపు సన్నని రక్తనాళాలలోనూ, కొందరికి మూత్రపిండాలలోనూ చిక్కుకుంటాయి. వాటిని తొలగించడానికి వచ్చిన తెల్లకణాలు ఆ చుట్టుపక్కల కణజాలాన్నే కాల్చిపెడతాయి. దీనిని 1905లో వియన్నాలో పిర్కే, షిక్ అనే వైద్యులు సీరం వ్యాధి పేరుతో వర్ణించారు. అప్పుడది గొంతువాపు జబ్బు సీరంతో వచ్చేది. మా కూలీ మూత్రం పరీక్షించి, మూత్రపిండాలు బాగున్నాయని చూసుకుని, ప్రెడ్నిసొలోన్ అయిదు రోజులు యిచ్చాను. నొప్పులు తగ్గిపోయాయి.

మందు ఎక్కించేటప్పుడే వణుకు, ఆయాసం రావడం వేరే సంగతి. అది చాలాసార్లు ఐజిఇ లేకుండానే వస్తుంది గనుక, ముందుగా చర్మంపై పరీక్ష చేసి దాన్ని కనిపెట్టలేము. అడ్రినలిన్ సిద్ధంగా పక్కన పెట్టుకుని మందు ఎక్కించడమే పద్ధతి.

నాలుగో తెగలో ప్రతిదేహాల ప్రమేయమే లేదు. పని అంతా టి-లింఫోసైట్లు అనే తెల్లకణాలది. అవి గుర్తుపట్టి, గుమిగూడి, వాపు తేవడానికి రెండు మూడు రోజులు కావాలి. క్షయకు చేసే మాంటూ పరీక్షను 48 నుంచి 72 గంటలకు చూసేది అందుకే. ఆడవాళ్ళకు తెలిసిన ఉదాహరణ స్టిక్కరు బొట్టు. జిగురులోని ఒక రసాయనం పడక, నుదుటిన సరిగ్గా బిళ్ళంత మేర దురద, పొక్కులు లేస్తాయి. "ఆ బొట్టు పెట్టి రెండు రోజులయింది, కారణం అది కాదు" అంటారు. రెండు రోజులయింది గనుకనే అదని నా అనుమానం. అనుమానం తీరాలంటే, అనుమానించిన పదార్థాలను వీపుపై పట్టీలతో అంటించి, రెండు రోజులకు తీసి చూసి, నాలుగో రోజున మళ్ళీ చూస్తారు.